పొగుడుతూనే దెప్పడం: వ్యాజస్తుతిని సరసంలో వాడే పద్ధతి

మన ఇళ్ళల్లో బావను బామ్మర్ది, వదినను ఆడపడుచు ఆటపట్టించడం కొత్తేమీ కాదు. ఆ ఆటపట్టింపులో అన్నిటికన్నా అందమైనది, చేయడం కష్టమైనది ఒకటుంది. పైకి వింటే పొగడ్త. ఒక్క క్షణం ఆగితే లోపల దెప్పు. అలంకారశాస్త్రంలో దీన్ని వ్యాజస్తుతి అంటారు. వ్యాజం అంటే నెపం. పొగడ్త అనే నెపంతో నింద చేయడం అన్నమాట. పట్టుబట్టలో చుట్టి కొట్టడం అని పెద్దవాళ్ళు అనేది దీన్నే.

శాస్త్రంలో ఇదే పేరు కింద రెండు రకాలు చెప్పారు. తిట్టులా మొదలై పొగడ్తగా తేలేది ఒకటి, పొగడ్తలా మొదలై తిట్టుగా తేలేది ఇంకొకటి. రామదాసు భద్రాద్రి రాముణ్ణి "ఎవడబ్బ సొమ్మని కులుకుతు తిరిగేవు" అని నిలదీయడం మొదటి దారికి దగ్గరగా ఉంటుంది. పైకి కోపం, లోపల భక్తి. ఇక్కడ నేను చెప్పబోయేది రెండో రకం గురించే, అది కూడా సరసానికి వాడుకునే తీరు గురించే.

ముందు వెటకారానికీ దీనికీ తేడా పట్టుకోవాలి

చాలామంది ఇక్కడే పొరబడతారు. ఫంక్షన్‌కి రెండు గంటలు ఆలస్యంగా వచ్చిన మనిషితో "అబ్బో, ఎంత తొందరగా వచ్చేశారండీ!" అంటే అది వ్యాజస్తుతి కాదు, వెటకారం. అక్కడ మాట అబద్ధం. అబద్ధమని తెలిసేలా గొంతు సాగదీస్తాం, కాబట్టి అవతలి మనిషికి అర్థమవుతుంది. ఆ గొంతు తీసేస్తే ఏమీ మిగలదు.

వ్యాజస్తుతిలో మాట అబద్ధం కాకూడదు. పొగడ్తలో చెప్పిన విషయం అక్షరాలా నిజమై ఉండాలి. దెప్పు ఆ నిజంలోంచే పుట్టాలి. అప్పయ్య దీక్షితులు కువలయానందం అనే అలంకార గ్రంథంలో ఇచ్చిన ఉదాహరణ చూస్తే ఇది తేటగా తెలుస్తుంది. ఒకావిడ తన ప్రియుణ్ణి పిలుచుకురమ్మని దూతికను పంపింది. ఆ దూతిక ఒంటి నిండా గాట్లతో ఒక్కతే తిరిగొచ్చింది. నాయిక ఇలా అంటుంది: బాగు బాగు దూతీ, ఇంతకన్నా ఎవరేం చేస్తారు? నా కోసం పళ్ళతోనూ గోళ్ళతోనూ గాయాలు పడ్డావు కదా! ఒక్క తిట్టు మాట లేదు. అబద్ధం కూడా లేదు, గాయాలు నిజంగానే ఉన్నాయి. కానీ పంటి గాట్లు, గోటి గాట్లు ఎలా పడతాయో ఇద్దరికీ తెలుసు. నా కోసం వెళ్ళి నువ్వే అతనితో గడిపి వచ్చావని ఆ గాట్లే చెబుతున్నాయి. నాయిక నోరు చెప్పలేదు.

దీన్నుంచి ఒక పరీక్ష తయారు చేసుకోవచ్చు. మీరు అనబోయే మాటను కాగితం మీద రాసి, ఏ హావభావమూ లేకుండా చప్పగా చదవండి. అప్పటికీ లోపలి దెప్పు తెలుస్తుంటే అది వ్యాజస్తుతి. గొంతు సాగదీస్తేనే తెలుస్తుందంటే ఇంకా వెటకారం దగ్గరే ఉన్నారు. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో వెటకారం తరచూ గొడవ తేవడానికీ, మంచి వ్యాజస్తుతి అక్కడ కూడా నిలబడడానికీ కారణం ఇదే. రాతలో గొంతు వినపడదు.

మొదటి మెట్టు: ఏ లోపం మీద చెప్పాలి

ఎవరికైనా పది లోపాలుంటే అందులో సరసానికి పనికొచ్చేవి రెండో మూడో ఉంటాయి. ఆ మనిషి తనకు తానే నలుగురిలో ఒప్పుకునే లోపం కావాలి. "నాకు పొద్దున్నే మెలకువ రాదండీ బాబూ" అని ఆయనే నవ్వుతూ చెప్పుకుంటే ఆ లోపం మీ సరసానికి తెరిచిన తలుపు. ఆయన ఎప్పుడూ ఎత్తని విషయం మూసిన తలుపు. ఒంటి రంగు, బరువు, పిల్లలు లేకపోవడం, ఉద్యోగం పోవడం, అప్పు, పెట్టుపోతలు, వీటి జోలికి ఎంత అందమైన పొగడ్తతోనూ వెళ్ళకూడదు. పట్టుబట్ట ఎంత మెత్తగా ఉన్నా లోపలిది రాయే అయితే తల పగులుతుంది.

లోపం వినేవాళ్ళందరికీ తెలిసినదై ఉండడం కూడా అవసరమే. దూతిక గాట్లు కంటికి కనబడుతున్నాయి కాబట్టే ఆ మాట పనిచేసింది. కనబడకపోతే అది ఉత్త పొగడ్తగా మిగిలిపోయేది.

వరస సంగతి తెలుగువాళ్ళకు విడిగా చెప్పక్కర్లేదు కానీ ఒక్క మాట. బావ, మరదలు, వదిన, తాత, మనవడు, ఇవి పరాచికాల వరసలు. మామగారితోనూ వియ్యంకుడితోనూ ఈ ఆట మీరు మొదలుపెట్టకండి. వాళ్ళు మొదలుపెడితే అప్పుడు చూసుకోవచ్చు.

రెండో మెట్టు: లోపం పక్కింట్లో ఉన్న గుణాన్ని వెతకడం

అసలు పనంతా ఇక్కడే ఉంది. ప్రతి లోపానికీ పక్కింట్లో ఒక మంచి గుణం కాపురం ఉంటుంది. రెండిళ్ళకూ ఒకటే గోడ. ఆ గోడ ఎక్కడుందో కనిపెట్టాలి.

మా అక్క భర్త సంగతే తీసుకుంటాను. ఆయన ఏ శుభకార్యానికీ వేళకు రారు. ఈ మాట ఆయనే అంటారు కాబట్టి రాయడానికి నాకు ఇబ్బంది లేదు. మా చెల్లెలి పెళ్ళిలో ఆయన మీద ఒక మాట కట్టాలని కూర్చున్నాను. అది తయారైన క్రమం మొత్తం చెబుతాను.

ఆలస్యానికి పక్కిళ్ళు ఏవి? నిదానం ఒకటి, అది అందరూ వాడేదే. "మా బావ నిదానమే ప్రధానం అంటారు" అంటే విని ఊరుకుంటారు, ఎవరూ ఉలిక్కిపడరు. అరిగిపోయిన గుణం వాడితే దెప్పు ముందే కనబడిపోతుంది. ఇంకాస్త వెతికాను. ఆలస్యంగా వచ్చే మనిషికి ముందు వరసలో చోటు దొరకదు. అంటే ముందు వరసలో కూర్చోవాలన్న ఆశ లేని మనిషి అని చెప్పొచ్చు. దాని పేరు నిరాడంబరం. ఇది కాస్త దూరపు గుణం, వినేవాడు ఊహించడు. దూరం ఉంటేనే మొదటి క్షణంలో నిజమైన పొగడ్తగా చెవిన పడుతుంది. కానీ మరీ దూరమైతే గోడ తెగిపోతుంది. ఆలస్యంగా వచ్చేవాణ్ణి "గొప్ప దాత" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు.

ఇలాగే ఇంకో రెండు. ఫోన్ చూస్తూ పొయ్యి మీద గిన్నె మరిచిపోయే మరదలికి పక్కింటి గుణం ఏకాగ్రత. గురక పెట్టే మామయ్యకు పక్కింటి గుణం ఇంటికి కాపలా.

మూడో మెట్టు: సాక్ష్యం చూపడం

గుణం పేరు ఒక్కటే చెబితే అది భజన. దానికి ఒక సాక్ష్యం కావాలి, ఆ సాక్ష్యమే దెప్పు కావాలి. గుణాన్ని రుజువు చేయడానికి చెప్పినట్టే ఉండి, లోపాన్ని పట్టిచ్చేది ఏదో ఒక చిన్న దృశ్యం.

మా బావ విషయంలో నేను మొదట రాసుకున్నది ఇది: "మా బావంత నిరాడంబరుడు లేరు. ఏ పెళ్ళికీ ముందుగా వచ్చి ముందు వరసలో కూర్చోరు." ఇది సగం ఉడికిన అన్నం. "ముందుగా వచ్చి" అనడంతో లోపాన్ని నేనే నోటితో చెప్పేశాను. వినేవాడు కనిపెట్టడానికి ఏమీ మిగల్చలేదు.

రెండోసారి దృశ్యం కోసం ఆలోచించాను. పెళ్ళిలో అందరూ తోసుకుంటూ ముందుకొచ్చే క్షణం ఏది? మాంగల్యధారణ. అప్పుడు ఫొటోగ్రాఫర్ పడే బాధ అందరికీ తెలుసు, ఎవరో ఒకరి తలకాయ అడ్డం వస్తుంది. ఆ క్షణంలో మా బావ ఏనాడూ మండపంలో లేరు. కాబట్టి ఏనాడూ అడ్డం రాలేదు. ఇంత దొరికాక వాక్యం తనంతట తనే కుదిరింది:

"మా బావంత నిరాడంబరుడు మా బంధువుల్లో లేరు. పదేళ్ళుగా చూస్తున్నా, ఏ పెళ్ళిలోనూ తాళి కట్టే వేళ ముందుకొచ్చి ఫొటోగ్రాఫర్‌కి అడ్డం నిలబడలేదు."

ప్రతి మాటా నిజమే. ఆలస్యం అన్న మాట ఎక్కడా లేదు. చప్పగా చదివినా పనిచేస్తుంది. బంధువులకు మాత్రం ఆ పదేళ్ళ పెళ్ళిళ్ళన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరుగుతాయి.

మరదలికి ఇలా చెప్పొచ్చు: "మా మరదలి ఏకాగ్రత చూసి నేర్చుకోవాలి. పాలు పొంగి పొయ్యి ఆరిపోయినా చూపు తిప్పదు." ఫోన్ మాట ఎత్తలేదు, పాలు చెప్పేశాయి. మామయ్యకు: "మామయ్య పడుకున్న ఇంటికి రాత్రి తాళం వేయక్కర్లేదు. ఇంట్లో మనిషి ఉన్నారని వీధి చివరి వరకూ తెలుస్తుంది."

నాలుగో మెట్టు: మాటలు వడపోయడం

వాక్యం కుదిరాక ఒకసారి వడపోయాలి. తెలుగులో కొన్ని చిన్న మాటలు లోపలి రహస్యాన్ని ముందే బయటపెట్టేస్తాయి. "కానీ", "మాత్రం", "పాపం", "ఏమాటకామాటే" ఇలాంటివి. "మా బావ నిరాడంబరుడే కానీ" అనగానే వినేవాడు వెనకాల రాబోయే దెబ్బకు సిద్ధమైపోతాడు. "పాపం" అంటే ఇంకా చేటు. సరసంలోకి జాలి వచ్చి చేరుతుంది, జాలి ఎవరికీ నచ్చదు.

మేలు చేసే మాటలు కూడా మన భాషలోనే ఉన్నాయి. వ్యతిరేక క్రియ అందులో మొదటిది. నిలబడలేదు, తిప్పదు, ఎరగరు, అడగరు, ఇలా చేయని పనిని మెచ్చుకోవడం. చేయని పనిని మెచ్చుకుంటే అది ఎందుకు చేయలేదన్న ప్రశ్న వినేవాడి మనసులో దానంతటదే పుడుతుంది. దెప్పు ఆ ప్రశ్నకు జవాబులో ఉంటుంది. పైగా తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది కాబట్టి మెలిక కూడా చివరి మాటలోనే పడుతుంది. ఆ తరువాత ఇంకో మాట కలపకూడదు. "అడ్డం నిలబడలేదు, ఎందుకంటే అప్పటికి ఆయన ఇంకా దారిలోనే ఉంటారు" అన్నామంటే నవ్వు మొత్తం నేలపాలు.

మర్యాద వాచకాలు వదలకండి. బావను "మీరు" అనే అలవాటుంటే ఇప్పుడు కూడా "మీరు" అనే అనాలి. ఎప్పుడూ "నువ్వు" అనే వదినను ఉన్నట్టుండి "తమరు" అంటే వెటకారం వాసన వస్తుంది.

ఇంకాస్త చెయ్యి తిరిగాక: కీర్తి ఎవరిదో చెప్పడం

ఒక్క వాక్యంతో ఆగకుండా వరసగా పొగడ్తలు పేర్చి చివర ఒక్క మాటతో తిప్పడం ఇంకో పద్ధతి. దీన్ని నేర్చుకోవడానికి కాసుల పురుషోత్తమ కవి కన్నా మంచి గురువు తెలుగులో నాకు కనబడలేదు. ఆయన 18వ శతాబ్దపు కవి. కృష్ణా తీరంలోని శ్రీకాకుళంలో వెలసిన ఆంధ్ర మహావిష్ణువు మీద ఆంధ్రనాయక శతకం రాశాడు. ఆ సీసపద్యాల్లో దేవుణ్ణి పొగుడుతున్నాడో ఆటపట్టిస్తున్నాడో తేల్చుకోవడం కష్టం.

అందులో ఒక పద్యం నడక ఇది. నీ భార్య భూదేవి అన్నిటినీ మోస్తుంది కాబట్టి నీకు అఖిలభారకుడని పేరొచ్చింది. ఇంకో భార్య లక్ష్మి సంపన్నురాలు కాబట్టి కోరికలు తీర్చేవాడివని ఘనత వచ్చింది. కొడుకు బ్రహ్మ సృష్టి చేస్తాడు కాబట్టి పెద్ద కుటుంబీకుడివన్న బలిమి వచ్చింది. కూతురు గంగ పాపాలు కడుగుతుంది కాబట్టి పతితపావనుడివయ్యావు. ఇదంతా ఆడవాళ్ళూ బిడ్డలూ తెచ్చిన ప్రఖ్యాతే గాని, మొదటినుంచీ నువ్వు దామోదరుడవే!

ఆ "దామోదరుడవె" అన్న మాటలో ఉంది పనితనం. దామం అంటే తాడు, ఉదరం అంటే పొట్ట. యశోదమ్మ పొట్టకు తాడు బిగించి రోటికి కట్టేసిన పిల్లాడివి అని దెప్పు. కానీ దామోదర నామం సంధ్యావందనంలో రోజూ చెప్పుకునే కేశవ నామాల్లో ఒకటి. పైకి వింటే ఉత్త స్తుతి. కవిని పట్టుకుని ఇదేమిటని అడిగితే "దేవుడి నామమే కదా అన్నాను" అంటాడు.

ఈ అచ్చును ఇంట్లో వాడుకోవచ్చు. మా అన్నయ్య అరవై నిండిన రోజున ఇలా చెప్పాను: "వదిన వంట వల్ల అన్నయ్యకు అన్నదాత అని పేరొచ్చింది. పిల్లల చదువు వల్ల సరస్వతీ నిలయం అని ఇంటికి పేరొచ్చింది. అత్తయ్య పెంచిన మొక్కల వల్ల కాలనీలో పచ్చని చెయ్యి అని పేరొచ్చింది. వీటన్నిటికీ మూలం అన్నయ్య ఓర్పే. ఇన్నేళ్ళలో వాళ్ళ పనికి ఒక్కనాడూ అడ్డం వెళ్ళలేదు." అందరికన్నా గట్టిగా నవ్వింది వదిన. పేర్లు మూడుకు మించకుండా చూసుకున్నాను. నాలుగోది వస్తే వినేవాళ్ళు చివర ఏం రాబోతోందో లెక్క కట్టేస్తారు.

ఎక్కడ చెడుతుంది, చెడిందని ఎలా తెలుస్తుంది

ఒకసారి నా వల్లే చెడింది. మా ఇంట్లో ఒక నిశ్చితార్థం. పిన్ని తెల్లవారుజామున నాలుగింటికి లేచి పులిహోర కలిపింది. ఉప్పు కాస్త ఎక్కువైంది. బంతిలో కూర్చున్నప్పుడు నేను, "పిన్ని చేతి పులిహోర ఆరోగ్యానికి ఎంత మంచిదో! నీళ్ళు తాగరా అని ఎంత చెప్పినా వినని పిల్లలు కూడా ఈ రోజు మూడేసి గ్లాసులు తాగారు" అన్నాను. వాక్యంగా చూస్తే దానికి వంక లేదు. గుణం ఉంది, సాక్ష్యం ఉంది, ఉప్పు అన్న మాట లేదు. అందరూ నవ్వారు. పిన్ని కూడా నవ్వింది, కానీ నా వైపు చూడలేదు. ముందు కొత్త వియ్యాలవారి వైపు చూసింది. ఆ తరువాత చెంగు సర్దుకుని వంటింట్లోకి వెళ్ళి మళ్ళీ వడ్డనకు రాలేదు.

ఆ చూపే గుర్తు. మాట తగిలిన మనిషి ముందు మీ వైపు చూసి నవ్వితే సరసం కుదిరినట్టు. ముందు ఇతరుల ముఖాలు చూస్తే గాయమైనట్టు. అరక్షణంలో తెలిసిపోతుంది, గమనించాలంతే.

తరువాత ఆలోచిస్తే తప్పు ఎక్కడుందో తెలిసింది. అది పిన్ని ఒప్పుకున్న లోపం కాదు. ఏళ్ళ తరబడి ఇంటిల్లిపాదీ మెచ్చిన చేతి వంట ఆమెది. ఆ ఒక్క రోజు, అదీ నిద్ర మానుకుని చేసిన పనిలో దొర్లిన పొరపాటు. విన్నవాళ్ళలో ఆమెను ఇంకా ఎరగని కొత్త బంధువులున్నారు. వాళ్ళకు పిన్ని అంటే ఆ రోజు నుంచి ఉప్పు పులిహోరే. పైగా వడ్డిస్తూ నిలబడ్డ మనిషి, తిరిగి ఒక మాట అనే వీలు ఆమెకు లేదు. తిరిగి అనలేని చోట అన్నది సరసం కాదు.

ఇలాంటప్పుడు "ఊరికే అన్నాను", "పొగిడానుగా" అని సమర్థించుకోవడం పుండు మీద కారం. పొగడ్త నెపం మనకు తప్పించుకునే దారి కాకూడదు. నేను వంటింట్లోకి వెళ్ళి, "పిన్నీ, అందరి ముందు అలా అనకూడదు, తప్పు నాది" అని తిన్నగా చెప్పాను. సాంబారు బకెట్ తీసుకుని తరువాతి బంతికి ఆమె పక్కన నేనే వడ్డించాను. సాయంత్రానికి మాట్లాడింది.

ఇంకో రకంగా కూడా చెడుతుంది. అవతలివాళ్ళు నిజమైన పొగడ్తే అనుకుని సంతోషపడతారు. అప్పుడు వదిలేయండి. విడమరిచి చెప్పి ఆ సంతోషం చెడగొడితే అది సరసం నుంచి అవమానంలోకి జారుతుంది.

జవాబు తీసుకోవడం

ఈ ఆటలో మాట అన్నవాడికి ఒక బాధ్యత ఉంటుంది. అని ఆగిపోకుండా అవతలి మనిషి జవాబు కోసం చోటు వదలాలి. జవాబిచ్చే పద్ధతి కూడా ఇదే అచ్చు. పొగడ్తను కాదనకుండా వినయంగా తీసుకుని, అదే కొలతలో ఒక పొగడ్త తిరిగి ఇవ్వాలి. కోపంగా "అంటే నేను లేటనా?" అన్నవాడు ఓడినట్టు.

మా చెల్లెలి పెళ్ళిలో ఫొటోగ్రాఫర్ మాట నేను భోజనాల దగ్గర అన్నాను. మా బావ అప్పుడే చేతులు కడుక్కుని మూడో బంతికి వచ్చి కూర్చున్నారు. చుట్టూ నవ్వులు తగ్గేదాకా ఆగారు. విస్తరి మీద నీళ్ళు చల్లుకుంటూ, రెండో బంతి నుంచీ లేవకుండా కూర్చున్న నా వైపు చూసి నెమ్మదిగా అన్నారు:

"నువ్వున్నావన్న ధైర్యమే బామ్మర్దీ. నేను ఎంత వెనకపడ్డా, నా వంతు కూడా వృథా పోనివ్వని మనిషి ఇంకెవరున్నారు?"